చెవి అంచున లేచిన గడ్డ

నాకు పుట్టుకతోనే ఆల్బినిజం. చర్మంలో, జుట్టులో, కళ్లలో మెలనిన్ దాదాపు లేదు. ఎండ దెబ్బ నుంచి చర్మకణాలను కాపాడేది ఆ రంగు పదార్థమే. మాది అనంతపురం జిల్లాలో వేరుశనగ పండించే కుటుంబం. పొలంలో తలపాగా చుట్టుకుంటాం. అది నెత్తిని, నుదుటిని కప్పుతుంది కానీ చెవులు బయటే ఉంటాయి.

ఎడమ చెవి పైఅంచున ఏళ్ల తరబడి గరుకు మచ్చ ఒకటి ఉండేది. ఒక వేసవిలో అది గడ్డగా లేచింది. పైన పసుపుపచ్చని పక్కు కట్టేది. స్నానం చేసేటప్పుడు ఊడితే కింద ఎర్రటి పచ్చిపుండు కనిపించేది, కొద్దిగా నెత్తురు కారేది, మళ్లీ పక్కు కట్టేది. కొన్ని వారాల్లోనే మినపగింజంత ఉన్నది బఠానీ గింజను మించింది. వేళ్లతో పట్టుకుంటే అడుగున గట్టిగా తగిలేది. నాకు చూపు తక్కువ. పెరుగుదలను కనిపెట్టింది మా వదినే. "మామూలు పుండైతే ఈపాటికి మానాలి, పద" అంటూ అన్నయ్యను వెంటబెట్టి పంపింది.

చర్మవైద్యుడు ముందు గడ్డను కాదు, నా మెడను తడిమారు. చెవి ముందు, దవడ కింద, మెడ పక్కన బిళ్లలు కట్టాయేమోనని చూశారు. ఇది చర్మ క్యాన్సర్ కావచ్చని ఆయన అనుమానం. చెవి మీద, పెదవి మీద వచ్చే ఈ రకం క్యాన్సర్ మిగతా చోట్ల వచ్చేదానికంటే లింఫ్ గ్రంథులకు పాకే అవకాశం ఎక్కువట. ఇలాగే త్వరగా పెరిగి, నడుమ గుంటలో గట్టి పొక్కుతో ఉండి, తనంతట తానే తగ్గిపోయే గడ్డలు కూడా ఉంటాయని చెప్పారు. "కంటితో చూసి రెంటినీ విడదీయలేం. తగ్గుతుందేమోనని చెవి విషయంలో ఎదురుచూడకూడదు" అన్నారు. పైపొర గీకితే చాలదని, లోతుగా ముక్క తీసి బయాప్సీకి పంపారు. స్క్వేమస్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ అని తేలింది. మెడ స్కానింగ్‌లో గ్రంథులు బాగానే ఉన్నాయి.

చెవికి మాత్రమే మత్తు ఇచ్చి, గడ్డ చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల మంచి చర్మంతో సహా, అడుగున ఉన్న మృదులాస్థిని కూడా కలిపి త్రికోణంగా కోసి, అంచులు దగ్గరికి లాగి కుట్టారు. కత్తెర చప్పుడు చెవిలోనే వినిపిస్తుంటే ఒళ్లు జలదరించింది. కోసిన అంచుల్లో క్యాన్సర్ లేదని, నరాల వెంట పాకలేదని రిపోర్టు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. రెండూ బాగుండడంతో రేడియేషన్ అవసరం రాలేదు. ఆ చెవి ఇప్పుడు కాస్త చిన్నదైంది, అంతే.

తిరగబెట్టేవి ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే బయటపడతాయట. అందుకే కొన్ని నెలలకోసారి మెడతో పాటు ఒళ్లంతా చూపించుకుంటున్నాను. మొన్నటి పరీక్షలో కణత మీద రెండు గరుకు మచ్చలు దొరికితే, అవి గడ్డలు కాకముందే ద్రవ నత్రజనితో గడ్డకట్టించి తీసేశారు. తలపాగా స్థానంలో చెవుల మీదికి దిగే వెడల్పు అంచు టోపీ వచ్చింది. సన్‌స్క్రీన్ చెవుల వెనక, కింది పెదవికి వదినే దగ్గరుండి రాయిస్తుంది.