20 రోజుల కిందటి ధర చేసిన అల్లరి

ఈ వారం అంతా ఒక్క మైనస్ గుర్తు నా బుర్ర తినేసింది. చివరికి నిన్న రాత్రి దొరికింది కాబట్టి మర్చిపోకముందే రాసి పెట్టుకుంటున్నా.

ముందు బాగా జరిగినవి. 60 స్టాకుల లిస్టును మొమెంటమ్, అంటే ఇవాళ్టి ధరకూ 20 రోజుల కిందటి ధరకూ ఉన్న తేడా బదులు, ఆర్‌ఓసీతో, అంటే అదే తేడాను శాతంగా వేసి, ర్యాంక్ చేయడం మొదలుపెట్టాక ఎంఆర్ఎఫ్ నెత్తిమీద నుంచి దిగింది. లక్ష దాటిన షేరు ఒక్క శాతం కదిలినా వెయ్యి రూపాయలు పైనే, ధరల తేడాతో ర్యాంకులు వేస్తే ఇంకెవరు గెలుస్తారు?

రెండోది, నా తెలివితక్కువ పని. మొమెంటమ్, ఆర్‌ఓసీ రెండూ సున్నా దాటితేనే నమ్మాలని 'డబుల్ కన్ఫర్మేషన్' రూలు పెట్టుకున్నా. ఇవాళ్టి ధర 20 రోజుల కిందటి దానికన్నా ఎక్కువైతే తేడా ప్లస్, శాతమూ ప్లస్. ఒకే రోజు దాటక ఏం చేస్తాయి! చార్టులో మాత్రం ఆర్‌ఓసీ ఒక రోజు ముందే దాటినట్టు కనిపించేది, దాన్ని చూసి మురిసిపోయేవాణ్ణి. తీరా చూస్తే ఆ చార్టులో ఆర్‌ఓసీకి డిఫాల్ట్ 9 రోజులు, మొమెంటమ్‌కు 10. సెట్టింగ్ చూసుకోకపోవడం నా తప్పే. మెటాట్రేడర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఇంకో తిరకాసు ఉంది. అందులో మొమెంటమ్ అంటే తేడా కాదు, ఇవాళ్టి ధరను పాత ధరతో భాగించి 100తో గుణించింది. అక్కడ చూడాల్సిన గీత సున్నా కాదు, 100. ఆ పేరు పెట్టడం నాకైతే నచ్చలేదు.

ఇక అసలు గొడవ. లిస్టులో ఒక సిమెంట్ షేరు ఉంది, పేరు అనవసరం. సోమవారం ముగింపు 421, మంగళవారం 420, బుధవారం 422. అంటే కునుకు తీస్తోంది. నా షీట్‌లో మాత్రం ర్యాంకు సోమవారం 11, మంగళవారం 43, బుధవారం 14. ఆర్‌ఓసీ +2.18 నుంచి −5.83కి పడి, మళ్లీ +0.96కి లేచింది. మూడు రోజుల్లో రెండుసార్లు సున్నా దాటడం, అదీ ధర రూపాయి, రెండు రూపాయలు కదిలితే!

రూలు రూలే కదా అని బుధవారం పొద్దున 40 షేర్లు 419.50కి అమ్మేశా. గురువారం 423కి మళ్లీ కొన్నా. ధరలో 140 రూపాయలు, రెండు వైపులా 0.1 శాతం చొప్పున ఎస్‌టీటీ పన్ను ఇంకో 34 దాకా, ఆపైన డీపీ చార్జీ. డబ్బు చిన్నదే, ఒళ్లు మండింది మాత్రం ఎక్కువ.

మొదట సెలవు రోజు వల్ల వరుస ఒకటి జరిగిందేమో అనుకున్నా. వేలు పెట్టి లెక్కపెట్టా, సరిగ్గా 20 వరుసలే. తర్వాత స్ప్లిట్, బోనస్ అనుమానం. ఎక్స్ఛేంజ్ రోజూ ఇచ్చే ధరల ఫైలు భావ్‌కాపీలో పాత ధరలు సర్దుబాటు అయి ఉండవు కాబట్టి అది న్యాయమైన అనుమానమే. నెస్లే 2024 జనవరిలో 1:10 స్ప్లిట్ అయి ఒక్కో షేరు పదిగా మారినప్పుడు సర్దుబాటు చేయని షీట్ ఎవరిదైనా మైనస్ 90 శాతం చూపించి ఉంటుంది. కానీ ఈ షేరుకు అలాంటివేమీ లేవు. పైగా స్ప్లిట్ తేడా 20 రోజులు అంటిపెట్టుకుని ఉంటుంది, ఒక్క రోజులో వచ్చి పోదు.

అప్పుడు పాత ధరల వైపు చూశా. మంగళవారానికి 20 రోజుల కిందట కంపెనీ ఫలితాలు వచ్చాయి. ముందురోజు 412, ఫలితాల రోజు 446, మర్నాడు 418. ఒక్క రోజు ఎగిరి పడింది. మంగళవారం లెక్కలో కింద కూర్చున్నది ఆ 446. పైన ఉన్న ధర కాదు, అడుగున ఉన్న ధర కదిలింది!

ఒక రోజులో ఆర్‌ఓసీ మార్పు అంటే సుమారుగా ఇవాళ్టి శాతం మార్పులోంచి పాత రోజు శాతం మార్పు తీసేయడమే. మంగళవారం ఇవాళ్టి వైపు మైనస్ 0.24, పాత వైపు ప్లస్ 8.25. పడిపోవడం అంతా పాత ధర పుణ్యమే. ఇప్పుడు ఈ రెండు కాలమ్‌లు పక్కపక్కనే పెట్టుకున్నా. సున్నా దాటినప్పుడు రెండో దాని అంకె పెద్దదైతే ఆ రోజు ఆర్డర్ పెట్టను.

కారణం దొరికింది, మందు అంత తేలిగ్గా దొరకలేదు. అందరూ చెప్పినట్టు ఆర్‌ఓసీకి 3 రోజుల సగటు వేశా. మంగళవారం −0.48, బుధవారం −0.90, గురువారం −1.14. ఒక్క రోజు ఉండి పోయే దెయ్యం మూడు రోజులు అతిథిగా ఉండిపోయింది! సున్నాకు అటూ ఇటూ 2 శాతం గట్టు పెడితే, −5.83 ఆ గట్టును దూకేసింది. గట్టు ఇంకా పెంచితే నిజమైన సిగ్నల్స్ కూడా ఆగిపోతాయి.

జబ్బు అడుగున ఉంటే మందు పైన రాస్తున్నానని అప్పటికి వెలిగింది. 20వ రోజు ఒక్క ధర బదులు, దాని చుట్టూ ఉన్న 5 ధరల సగటు పెట్టా: 410, 412, 446, 418, 417. సగటు 420.6, ఆర్‌ఓసీ −0.14. పీకల దాకా వచ్చి ఆగింది, కానీ ఇంకా మైనస్సే. ఆ 446 సగటును కూడా పైకి లాగేస్తోంది. సగటు తీసేసి మీడియన్ పెట్టా. మధ్యలో ఉన్నది 417, ఆర్‌ఓసీ +0.72. ఇక సోమవారం 2.18, మంగళవారం 0.72, బుధవారం 0.96. కునుకు తీస్తున్న షేరు ఇలాగే కనిపించాలి.

```
పాతది:   =B30/B10-1
కొత్తది:  =B30/MEDIAN(B8:B12)-1
```

ఇది ఒకటి రెండు రోజుల్లో దిగిపోయే ఎగురుళ్లకే పనికొస్తుంది. షేరు 412 నుంచి 446కి ఎగిరి అక్కడే ఉండిపోతే, 20 రోజుల తర్వాత మీడియన్‌తోనూ ఆర్‌ఓసీ అదే రోజు పడుతుంది. పడాలి కూడా, ఎందుకంటే ఆ తర్వాత షేరు పెరగలేదన్నది నిజమే కదా.

అసలు 20 రోజుల ర్యాంకు మీదే ఇప్పుడు అనుమానం పట్టుకుంది. ఆర్థిక పరిశోధకులు జెగదీశ్, టిట్‌మన్ 1993 పేపర్‌లో గెలిచే షేర్లను 3 నుంచి 12 నెలల రిటర్న్‌లతో ఎంచారు. చివరి నెలలో బాగా పెరిగినవి మర్నెలలో కాస్త వెనక్కి తగ్గే అలవాటు ఉందని, తర్వాత ఆ దారిలో వెళ్లినవాళ్లలో చాలామంది ఆ నెలను వదిలేసి లెక్క వేస్తారు. నేను సరిగ్గా ఆ నెలనే పట్టుకుని వేలాడుతున్నా. నిఫ్టీ200 మొమెంటమ్ 30 ఇండెక్స్ కూడా 6, 12 నెలల రిటర్న్‌లు తీసుకుని, ఒడిదుడుకులతో సర్దుబాటు చేసి, జూన్, డిసెంబర్‌లలో మాత్రమే లిస్టు మారుస్తుంది. నేనేమో రోజూ మారుస్తున్నా, బ్రోకర్‌కు పండగ.

వచ్చే శనివారం రెండో షీట్ మొదలుపెడతా. ర్యాంకు కోసం ఏడాది కిందటి నుంచి నెల కిందటి దాకా రిటర్న్. సున్నా గీత కేవలం గేటుగా ఉంటుంది: మార్కెట్ మొత్తం పడుతున్నప్పుడు ఒకటో ర్యాంకు షేరు కూడా మైనస్‌లో ఉండొచ్చు, అలాంటిది కొననివ్వకుండా. ఇందులోనూ అడుగున మీడియనే పెడతా. సిమెంట్ షేరు మాత్రం ఇంకా 424 దగ్గరే కూర్చుంది.