వేకువ నాలుగింటి రీడింగుకు ఒక పదోన్నతి

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు చూసే మా టెక్నీషియన్ ఏరియా ఇన్‌ఛార్జి అయ్యారు. ‘కష్టజీవి’ అని రాస్తే ఎవరికైనా సరిపోతుంది కాబట్టి, ఆయన చేసిన పనే చెబుతాను.

మొన్నటి ముసురులో ఒక రైతు గుంటలో తెల్లవారేసరికి వనామీ రొయ్యలు గట్టు పక్కకు చేరి పైకి తేలుతున్నాయి. జబ్బనుకుని రైతు మందులు కొనబోయారు. ఉదయం పదింటికి నీటిలో ఆక్సిజన్ చూస్తే లీటరుకు 5 మిల్లీగ్రాములు, బాగానే ఉంది. ఈయనకు మాత్రం నమ్మకం కుదరలేదు. మర్నాడు వేకువన 4 గంటలకు మీటరు పట్టుకుని వెళ్తే 2.4! పగలు ఆక్సిజన్ ఇచ్చే సూక్ష్మ నాచే రాత్రి దాన్ని పీల్చుకుంటుంది. మబ్బు రోజుల్లో పగటి నిల్వ కూడా తక్కువే.

అర్ధరాత్రి నుంచి పొద్దెక్కేదాకా నీటిలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ తిప్పించారు. ముసురు విడిచేదాకా మేత తగ్గించారు. మరుసటి వేకువకు రీడింగు 4 దాటింది. మందుల ఖర్చు తప్పింది కానీ డీజిల్ ఖర్చు పెరిగింది. ఆ మాటా రైతుకు ముందే చెప్పారు.

మా రికార్డు పుస్తకంలో వేకువ రీడింగుకు వేరే గడి గీయించింది కూడా ఈయనే. అది ఖాళీగా కనిపిస్తే నన్నైనా నిలదీస్తారు.