బాబు గిన్నె వేరు

“తేనె ఒక సీసా” అని అత్తయ్యగారు అన్నప్రాశన సరుకుల చీటీలో రాయిస్తుంటే, “బాబుకి మాత్రం వద్దండీ” అన్నాను.

“మరిగే పరమాన్నంలో వేస్తాం కదమ్మా!”

ఆ మరుగుకీ చావని బోట్యులినం అనే క్రిమి స్పోర్లు, విత్తనాల్లాంటివి, కొన్ని తేనెల్లో ఉంటాయి. ఏడాది నిండని పిల్లల పేగుల్లో అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. మొదట మలబద్ధకం, ఆపైన ఏడుపు నీరసించడం, పాలు సరిగా తాగలేకపోవడం, మెడ వాలిపోవడం. ఇవన్నీ విన్నాక ఆవిడే చీటీలో ఆ మాట కొట్టేయించారు.

బాబుకి చిన్న గిన్నెలో మెత్తగా మెదిపిన అన్నం, చుక్క నెయ్యి. జీడిపప్పూ కిస్‌మిస్సూ పెద్దల పరమాన్నంలోనే. అన్నం కూడా పీట మీద కూర్చునే ముందే వండుతాం. ఈ కోనసీమ ఉక్కలో గంటల తరబడి ఉంచిన అన్నంలో పెరిగే ఒక రకం క్రిముల విషం తిరిగి వేడిచేసినా పోదు.

పదకొండున్నర వాడు నిద్రపోయే వేళ. పంతులుగారు దయతో తొమ్మిదింటి ముహూర్తం చూశారు.

ముద్ద పెట్టేది మేనమామ, నాన్న, అమ్మమ్మ, నానమ్మ, అంతే. అదీ చేతులు సబ్బుతో కడుక్కుని, నాలుక మీద చిటికెడంత. మిగతావాళ్లు దీవించి అక్షింతలు పాదాల దగ్గర వేస్తే చాలు, తల మీద వేస్తే గింజ నోట్లోకి జారుతుంది.

జలుబు చేసిన అమలాపురం పిన్నిగారికి మాత్రం ఈ రాత్రికే ఫోన్ చేయాలి. ఆవిడ నొచ్చుకున్నా సరే, ముద్దు పెట్టుకోవద్దని చెబుతాను.