‘కనీసం’, ‘కూడా’, ‘కేవలం’: పూర్వ అధ్యయనాల సమీక్షను మూడుసార్లు రాసిన అనుభవం

తెలంగాణ ప్రభుత్వ చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల కింద భూగర్భ జలం ఎంత పెరిగింది అన్నది నా పరిశోధనాంశం. వరంగల్ చుట్టుపక్కల గొలుసుకట్టు చెరువులున్న ఊళ్లు తీసుకున్నాను. థీసిస్‌లో అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకున్నది లెక్కల అధ్యాయం కాదు, రెండో అధ్యాయం. నాకంటే ముందు ఇదే ప్రశ్న మీద పనిచేసినవాళ్ల పద్ధతిలో లోపం ఎక్కడుందో అందులో చెప్పాలి. లోపం నిజంగానే ఉంది, గట్టిగానే చెప్పాలి. కానీ ఆ రాసినవాళ్లు ఎండలో బావుల దగ్గరికి పోయి టేపుతో నీటిమట్టం కొలిచినవాళ్లు. వాళ్ల కొలతలు లేకుంటే నా ప్రశ్నకు మొదలే లేదు.

ఎక్కువగా కనిపించే పద్ధతి ఇది. పూడిక తీయకముందు ఒక ఏడాది నీటిమట్టం, తీసిన తర్వాతి ఏడాది నీటిమట్టం తీసుకుని, తేడాను చెరువు ఖాతాలో వేస్తారు. పథకం 2015 మార్చిలో మొదలైంది. ఆ ఏడాది వానాకాలం మనకు కరువు. 2016 సెప్టెంబరులో భారీ వానలు పడ్డాయి, చెరువులు నిండి మత్తళ్లు దుంకాయి. 2015 నవంబరు కొలతను 2016 నవంబరు కొలతతో పోలిస్తే పూడిక తీసిన ఊళ్లోనే కాదు, తీయని ఊళ్లోనూ నీళ్లు పైకొచ్చినట్టే కనబడుతుంది. లోపం అదే.

మొదటి ప్రతిలో నేను దాన్ని ఇలా రాశాను: “ఈ అధ్యయనకారులు కనీసం వర్షపాతాన్ని కూడా పరిగణనలోకి తీసుకోకుండా, కేవలం రెండేళ్ల నీటిమట్టాలను పోల్చి, చెరువుల వల్లే నీరు పెరిగిందని తేల్చేశారు.”

ఈ వాక్యంలో తిట్టుపదం ఒక్కటీ లేదు. అయినా చదివినవాళ్లకు తిట్టినట్టే ఉంటుంది. ఎందుకో ఒక్కో మాట తీసి చూస్తే తెలిసింది. ‘కనీసం’ అనగానే ఎవరికైనా తెలిసే పని వీళ్లకు తెలియలేదని అర్థం. ‘కూడా’ దానికి ఊతం. ‘వర్షపాతాన్ని చూడలేదు’ అంటే సమాచారం, ‘వర్షపాతాన్ని కూడా చూడలేదు’ అంటే ఎత్తిపొడుపు. ‘కేవలం’ వాళ్ల శ్రమను తక్కువ చేస్తుంది. ‘తేల్చేశారు’లోని ‘ఏశారు’ నిర్లక్ష్యాన్ని అంటగడుతుంది. ‘తేల్చారు’ అంటే ఆ చిన్నచూపు ఉండదు. ఇక ‘వల్లే’ చివర ఏకారం నేను చేర్చింది. వాళ్ల వ్యాసంలో ‘చెరువుల పునరుద్ధరణ దోహదపడింది’ అని ఉంది, చెరువులే ఏకైక కారణమని లేదు. అంటే వాళ్లు అనని మాటను వాళ్లకు అంటించి, దాన్ని నేను కొడుతున్నాను. మర్యాద సంగతి పక్కన పెడితే, ఇది తప్పు కూడా.

తెలుగులో రాసేవాళ్లు ఈ చిన్న ప్రత్యయాలను ముందు వెతకాలి. చులకన పెద్ద మాటల్లో ఉండదు, వీటిలో ఉంటుంది. నేను ఎర్ర పెన్నుతో ‘కనీసం, కేవలం, మాత్రమే, సైతం, కూడా’, వాక్యం చివరి ‘ఏశారు’లు అన్నిటి కిందా గీత గీశాను. ‘నిరూపించామని చెప్పుకున్నారు’ లాంటి క్రియలకూ గీశాను. ‘చెప్పుకున్నారు’ అంటే నేను నమ్మడం లేదని ముందే ప్రకటించడం. ‘పేర్కొన్నారు’ అంటే చాలు.

రెండో ప్రతిలో అవన్నీ తీసేసి ఇలా రాశాను: “వర్షపాతాన్ని పరిశీలించి ఉంటే ఈ విలువైన అధ్యయనం మరింత సమగ్రంగా ఉండేదేమో అనిపిస్తుంది.” మా గైడ్ సార్ అది చదివి, “దీంట్ల తిట్టు పోయింది, మంచిదే. గని విమర్శ గూడ పోయింది గదా” అన్నారు. నిజమే. ‘సమగ్రంగా ఉండేదేమో’ అంటే పాఠకుడికి ఏం తెలుస్తుంది? ఫలితం తప్పా, కొంచెం అటూ ఇటా, ఎటువైపు? ఏదీ తెలియదు. ‘విలువైన’ అన్న మెచ్చుకోలు విమర్శను మెత్తబరిచిందే తప్ప, ఆ విలువ ఎక్కడుందో చెప్పలేదు. పదునైన వాక్యం బదులు పొగమంచు లాంటి వాక్యం వచ్చింది. సౌమ్యంగా రాయడమంటే అనుమానపు మాటలు గుప్పించడం అనుకున్నాను. పొరపాటు అక్కడే జరిగింది.

మూడో ప్రతికి ముందు చేసిన పని రాయడం కాదు, మళ్లీ చదవడం. ఒక్కో అధ్యయనానికి ఒక కాగితం పెట్టి నాలుగు సంగతులు రాసుకున్నాను. వాళ్లు అడిగిన ప్రశ్న ఏది. ఎన్ని బావులు, ఏ నెలలో, ఎట్లా కొలిచారు. వాళ్ల నిర్ధారణ వాళ్ల మాటల్లో ఏమిటి. తమ పరిమితుల గురించి వాళ్లే ఏం చెప్పుకున్నారు. ఈ నాలుగో గడి నింపేటప్పుడు నాకు చెమట పట్టింది. ‘వర్షపాతం చూడలేదు’ అని నేను రాసిన ఒక వ్యాసంలో, చర్చ భాగంలో, ఆ ఏడాది వాన ఎక్కువ పడిందని ఒక పేరా ఉంది. వాళ్లు వానను చూశారు. దాని వాటాను లెక్కలో విడదీయలేదు, అంతే. ఈ రెండూ వేర్వేరు లోపాలు. మొదటిది ఆరోపణ, అదీ అబద్ధం. రెండోది నిలబడే విమర్శ. ఇంకో వ్యాసంలో సంగ్రహంలో మాట పెద్దగా, లోపలి నిర్ధారణ మాత్రం జాగ్రత్తగా ఉంది. అట్లాంటప్పుడు లోపలి మాటనే ఉటంకించి, సంగ్రహంతో ఉన్న తేడాను ఒక వాక్యంలో చెప్పడం న్యాయం. సంగ్రహం పట్టుకుని కొట్టడం సులువే, కానీ వ్యాసం మొత్తం చదివినవాళ్లు ఒప్పుకోరు.

ఆ తర్వాత వాక్యానికి కర్తను మార్చాను. ‘అధ్యయనకారులు చేయలేదు’ అన్నచోట ‘ఈ పోలికతో తెలుసుకోలేం’ అని వచ్చింది. ఇదేదో మర్యాద కోసం చేసిన ఎత్తు కాదు. నాకు నిజంగా అభ్యంతరం ఉన్నది పోలిక మీద, మనుషుల మీద కాదు. కర్త మారగానే ‘ఎందుకు తెలుసుకోలేం’ అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది, దానికి జవాబు రాయక తప్పదు. ఆ జవాబులో లోపం ఫలితాన్ని ఎటు నెడుతుందో చెప్పాలి. నా రెండో ప్రతిలో లేనిది ఇదే. ఆధారపు ఏడాది కరువు, తర్వాతి ఏడాది మంచి వాన అయితే చెరువు ప్రభావం ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది. అదే తర్వాతి ఏడాది కరువైతే తక్కువగా కనబడుతుంది. కాబట్టి ‘ఫలితం నమ్మదగ్గది కాదు’ అనడం కన్నా ‘ఈ రెండేళ్ల విషయంలో ఎక్కువగా చూపి ఉండే అవకాశం ఉంది’ అనడమే గట్టి మాట. మొదటిది అభిప్రాయం, రెండోది సరిచూసుకోదగ్గ మాట.

చివరికి నిలిచిన పేరా ఇది:

“ఈ అధ్యయనాలు పూడికతీతకు ముందూ తర్వాతా బావుల నీటిమట్టాన్ని ఒకే నెలలో, ఒకే బావుల్లో కొలిచాయి. కాబట్టి ఆ ఊళ్లలో నీరు పైకి వచ్చిందన్న విషయంలో సందేహం లేదు. అయితే ఆ పెరుగుదలలో చెరువు వాటా ఎంత అన్నది ఈ పోలికతో తెలియదు. ఆధారంగా తీసుకున్న 2015 కరువు సంవత్సరం, 2016లో భారీ వానలు కురిశాయి. వానను రచయితలు ప్రస్తావించినా, దాని ప్రభావాన్ని విడదీయడానికి పూడిక తీయని ఊళ్ల కొలతలు ఈ అధ్యయనాల్లో లేవు. అందువల్ల చెరువు ప్రభావం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించి ఉండే అవకాశం ఉంది.”

ఇందులో మెచ్చుకోలు మాట లేదు, కానీ నిలబడేది ఏదో మొదటి రెండు వాక్యాల్లో ఉంది. ఒకే నెల, ఒకే బావులు అన్నది వాళ్లు శ్రద్ధగా చేసిన పని. ఆ పని పేరు పెట్టి చెప్పడం ‘విలువైన కృషి’ అనడం కన్నా గౌరవం. విమర్శ వాక్యాల్లో ‘ఏమో’ లేదు. ‘తెలియదు’ అన్నచోట సందేహం లేదు కాబట్టి సందేహపు మాట పెట్టలేదు. చివరి వాక్యంలో ‘అవకాశం ఉంది’ అని పెట్టింది మర్యాద కోసం కాదు, ఎంత ఎక్కువో నేను కొలవలేదు కాబట్టి.

ఆ పేరా తర్వాత పరిష్కారాన్ని చిన్న లెక్కతో చూపించాను. ఉదాహరణకు పూడిక తీసిన ఊళ్లో నీరు 12 మీటర్ల లోతు నుంచి 7కు వచ్చిందనుకుందాం. పెరుగుదల 5 మీటర్లు. అదే వాన పడిన పక్క ఊళ్లో, పూడిక తీయనిచోట, 11 నుంచి 7.5కు వస్తే అది 3.5. మిగిలిన ఒకటిన్నర మీటర్లనే చెరువు వాటాగా చూడాలి. అంకెలు ఊహించినవే, కానీ 5కూ ఒకటిన్నరకూ ఉన్న తేడా చూస్తే విమర్శ ఎందుకు గట్టిదో వేరే చెప్పక్కర్లేదు.

పూడిక మట్టి మీద అధ్యయనాల విషయంలో ఇదే పని కొంచెం భిన్నంగా చేయాల్సి వచ్చింది. మట్టి చల్లిన రైతుల దిగుబడిని చల్లని రైతులతో పోల్చారు. పథకంలో మట్టిని తోలుకునే ఖర్చు రైతే పెట్టుకోవాల్సి వచ్చేది. ట్రాక్టర్ కిరాయి పెట్టుకోగలిగినవాళ్లు, పొలం చెరువుకు దగ్గర ఉన్నవాళ్లు ఎక్కువగా తోలుకుంటారు. వాళ్లకు బోరు, ఎరువు, పెట్టుబడి కూడా మెరుగ్గా ఉండొచ్చు. నా మొదటి ప్రతిలో “స్వీయ ఎంపిక దోషాన్ని విస్మరించారు” అని ఉండేది. ‘విస్మరించారు’ అంటే తెలిసీ వదిలేశారన్న అర్థం కూడా వస్తుంది. వాళ్ల మనసులో ఏముందో నాకెట్లా తెలుసు? దాన్ని తీసేసి, “మట్టి తోలుకున్నవారికీ తోలుకోనివారికీ మధ్య పెట్టుబడిలో ముందునుంచే తేడా ఉండొచ్చు, కాబట్టి దిగుబడి తేడా అంతా మట్టిదే అనలేం” అని రాశాను. దోషానికి పెద్ద పేరు పెట్టడం కన్నా అది ఎట్లా పుడుతుందో ట్రాక్టర్ కిరాయితో చెప్పడం వల్ల చదివేవాళ్లకు వెంటనే అందింది.

ఇంకొక్క మార్పు ఆఖర్న చేశాను. నేను ఎదుటివాళ్లకు చెప్పిన ‘పక్క ఊరితో పోల్చాలి’ అన్న మందు గొలుసుకట్టు చెరువుల దగ్గర పూర్తిగా పనిచేయదు. పై చెరువు మత్తడి దుంకితే నీళ్లు కింది చెరువుకు పోతాయి. పైన పూడిక తీసి ఎక్కువ నీళ్లు ఆపితే కింది ఊరికి రాక తగ్గొచ్చు. అప్పుడు నేను ‘ప్రభావం లేని ఊరు’ అనుకున్నది నిజానికి ప్రభావం పడిన ఊరే. అందుకే వేరే గొలుసులోని ఊళ్లను పోలికకు తీసుకున్నాను. అయినా నేలలో, బోర్ల సంఖ్యలో తేడాలు మిగిలే ఉన్నాయి. ఈ సంగతిని నా పరిమితుల భాగంలో కాకుండా, వాళ్ల పద్ధతిని ప్రశ్నించిన పేరా కిందనే, అదే కొలతతో, అదే క్రియలతో రాసి పెట్టాను.