చదవడం రాని అక్షరాన్ని కప్పుకోమంటావా?

"చదవడం రానిదాన్ని కప్పుకుని పడుకోమంటావా అమ్మా?" అంది మా అమ్మాయి. దాని దుప్పటి మీద పేరులోని మొదటి అక్షరం 'ర' వేస్తానన్నందుకు వచ్చిన జవాబు అది. ఇంగ్లీషు ఆర్ వేస్తే చాలట. నేను ఒప్పుకోలేదు. ఇంట్లో కూరగాయల లిస్టు కూడా ఇంగ్లీషులో రాసుకునే నాకు ఆ పూట ఎక్కడలేని భాషాభిమానం పొంగుకొచ్చింది.

నిజానికి గ్రాఫ్ దానివైపే ఉంది. కార్నర్ టు కార్నర్ క్రోషేలో దుప్పటి అంతా చిన్న చిన్న గళ్ళు. గ్రాఫ్ కాగితంలో ఒక చదరం, దుప్పటిలో ఒక గడి. ఆర్ లాంటి అక్షరం అయిదు గళ్ళ వెడల్పులో, ఏడు గళ్ళ ఎత్తులో ఇమిడిపోతుంది. 'ర' అలా కాదు. చదరాలతో గుండ్రం తేవాలంటే స్థలం కావాలి. చిన్నగా గీస్తే పలకలు తేలి సున్నానో, పెట్టెనో తెలియకుండా పోతుంది. గీత రెండు గళ్ళ మందం ఉండాలి, ఎందుకంటే మూలలు మాత్రమే తగిలే గళ్ళు దూరం నుంచి తెగిపోయినట్టు కనిపిస్తాయి. చెరిపి, గీసి, చివరికి 16 గళ్ళ వెడల్పు, 20 గళ్ళ ఎత్తు దగ్గర అది 'ర' అయింది. దుప్పటి మొత్తం 40 గళ్ళ వెడల్పు, 50 గళ్ళ ఎత్తు.

ఈ పద్ధతిలో అల్లిక కింద కుడి మూలన ఒక్క గడితో మొదలై, ఐమూలగా పెరుగుతుంది. ఆరు చెయిన్లు వేసి, హుక్ నుంచి నాలుగో చెయిన్‌తో మొదలుపెట్టి మూడింటిలో మూడు డబుల్ క్రోషేలు వేస్తే మొదటి గడి తయారు. (ఇది అమెరికా లెక్క, బ్రిటన్ నమూనాల్లో ఇదే కుట్టును ట్రెబుల్ అంటారు.) రెండో వరసకి మళ్ళీ ఆరు చెయిన్లతో కొత్త గడి వేసి, కింది గడి పక్కనున్న మూడు చెయిన్ల సందులో స్లిప్ స్టిచ్‌తో కలిపి, మూడు చెయిన్లు వేసి, అదే సందులో మూడు డబుల్ క్రోషేలు వేయాలి. ఇప్పుడు రెండు గళ్ళు. మూడో వరసలో మూడు. పెరిగే భాగంలో వరస నంబరు ఎంతో గళ్ళూ అన్నే. తిప్పే ముందు ఒకసారి లెక్కపెట్టుకుంటే తప్పు ఆ వరసలోనే దొరికిపోతుంది.

చదరపు దుప్పటి అయితే సగం దాకా పెంచి, తర్వాత తగ్గించడమే. నిలువు ఎక్కువైతేనే టెన్షన్. 40వ వరసకి కింది అంచు పూర్తయి ఎడమ మూల వచ్చేస్తుంది, కానీ కుడి అంచు ఇంకా పైకి వెళ్ళాలి. అందుకే 41 నుంచి 50 దాకా ఎడమవైపు తగ్గించాలి, కుడివైపు పెంచాలి, గళ్ళు 40 దగ్గరే నిలబడతాయి. పని తిప్పుతూ ఉంటాం కాబట్టి తగ్గించే అంచు ఒక వరసలో చివర వస్తుంది, తర్వాతి వరసలో మొదట వస్తుంది. చివర వస్తే ఆఖరి సందులో గడి వేయకుండా స్లిప్ స్టిచ్‌తో ఆపి తిప్పాలి. మొదట వస్తే ఆరు చెయిన్లు వేయకూడదు, కింది గడి మూడు కుట్ల మీదుగా స్లిప్ స్టిచ్‌లతో సందు దాకా నడిచి, అక్కడ మూడు చెయిన్లతో గడి మొదలుపెట్టాలి. ఎడమ అంచుకి ఒక రంగు దారం ముడి గుర్తుగా కట్టుకున్నాను. 51 నుంచి రెండువైపులా తగ్గింపే, 89వ వరసలో ఒక్క గడితో ముగింపు.

గమనించారా, 'ర'కి తలకట్టు గ్రాఫ్‌లో భలే కుదురుతుంది. కుడి మూల నుంచి మొదలుపెడితే వరసలన్నీ కింద ఎడమ నుంచి పైన కుడికి ఏటవాలుగా ఉంటాయి. తలకట్టు పొడుగు గీతా అటే వాలి ఉంటుంది కాబట్టి ఒక్క వరసలో వరుసగా వచ్చేస్తుంది. పక్క వరస కూడా నింపితే మందం సరిపోతుంది. గుండ్రం దగ్గరే చుక్కలు కనిపిస్తాయి. ఒక వరసలో నేల రంగు, అక్షరం, లోపలి నేల, మళ్ళీ అక్షరం, మళ్ళీ నేల, అయిదు ఉండలు వేలాడుతుంటాయి. వెనక నుంచి దారం లాక్కుపోదామంటే ఈ అల్లికలో సందులెక్కువ, ముదురు రంగు తెలుపులోంచి కనిపిస్తుంది. కాబట్టి ఎక్కడి ముక్కకి అక్కడే చిన్న ఉండ. వదిలేసిన దారం ఎప్పుడూ ఒకే ముఖం వైపు ఉండాలి, అంటే తిప్పిన వరసల్లో దాన్ని మనవైపు తెచ్చుకోవాలి.

ఇంత రాసింది కుట్టు నేర్పడానికి కాదు. మా అమ్మాయి "నేనూ చేస్తా" అని అదే అక్షరాన్ని చిన్న ముక్కగా అల్లింది. దానిది ఎడమచేతి వాటం. కుడిచేతివాళ్ళు ముందు ముఖం మీద కుడి నుంచి ఎడమకి అల్లుతారు, అది ఎడమ నుంచి కుడికి. గ్రాఫ్ మాత్రం నాదే, వరసలు చదివింది నా క్రమంలోనే. దాంతో తలకట్టు అటు తిరిగిపోయింది. గుండె బొమ్మో, నక్షత్రమో అయితే అద్దంలో తిరగేసినా తేడా తెలియదు. అక్షరానికి తెలుస్తుంది, చదవగలిగినవాళ్ళకి. అది ఎంతో గర్వంగా తెచ్చి చూపించింది. ఆర్ అయితే రెండో చూపుకే తనే పట్టేసేది.

చెప్పాలా వద్దా అని కాసేపు ఊగిసలాడాను. చివరికి "వెనక్కి తిప్పి చూడు" అన్నాను. రెండు ముఖాలూ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి, వెనకవైపు దారాలు పక్కకి జరిపితే 'ర' సరిగ్గా ఉంది. తర్వాతిసారి కింద ఎడమ మూల నుంచి మొదలుపెట్టి, గ్రాఫ్‌ని అద్దంలోలా చదవమన్నాను. లేదా మొదటి వరసల్లోనే రెండో ముఖాన్ని ముందువైపుగా ఎంచుకుని, దారాలు మొదటి ముఖం వైపు వదలమన్నాను. బుద్ధిగా విన్నది. ఇప్పుడు 'ర' ఎటు తిరిగి ఉండాలో దానికి ఖాయంగా తెలుసు. ఎన్ని గళ్ళో కూడా తెలుసు. ఏ మాటలో చూపించినా చదవగలదా అంటే, అడిగే ధైర్యం నాకు లేదు. పిల్లల చేతికి ముందు అక్షరం ఇవ్వండి, చదువు తర్వాత వస్తుంది అని ఇక్కడ రాయబోయాను. అలా వస్తుందో రాదో నాకే నమ్మకం లేదు.

నిన్న తమ్ముడి కోసం 'మ' గీసివ్వమని అడిగింది. దాని వంపులు అంత చిన్న ముక్కలో పట్టవన్నాను. "అయితే ఎమ్ వేసేస్తాలే, అయిదు గళ్ళు చాలు" అంది. "ఆగు" అని గ్రాఫ్ కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఎంత నొక్కినా 18 గళ్ళకి తగ్గట్లేదు.