ముందే రిటైరయ్యాం: మొదటి ఐదేళ్లు గట్టెక్కిన తీరు

ఏడాది ఖర్చుకు 25 రెట్లు పోగయితే, మొదటి ఏడాది అందులో 4 శాతం తీసుకుని, ఆ తర్వాత ధరలతో పాటు ఆ మొత్తాన్ని పెంచుకుంటూ బతకొచ్చని మేమూ చదివాం. 1994లో విలియం బెంగెన్ అనే అమెరికన్ ఆర్థిక సలహాదారు అక్కడి మార్కెట్ల పాత లెక్కలు తీసి చెప్పిన మాట అది. ఆయన చూసుకున్నది 30 ఏళ్ల రిటైర్మెంట్‌కి. నలభైల్లో ఉద్యోగం మానేసే మాకు ఇంకో పదిహేనేళ్లు ఎక్కువే గడవాలి.

అందుకే రాజీనామా ఇచ్చే ముందు కూర్చుని సొంతంగా ఒక షీటు వేశాను. మా దగ్గరున్నది 100, ఏడాది ఖర్చు 4 అనుకున్నాను. మొత్తం షేర్ల ఫండ్ యూనిట్లలోనే ఉంది. వరుసగా ఐదేళ్లు 25 శాతం నష్టం, 10 శాతం నష్టం, తర్వాత 10, 20, 25 శాతం లాభం. ఒక్క పైసా ముట్టుకోకపోతే చివరికి 111 అవుతుంది. ఈ వరుసను తిరగేసి లాభాలు ముందు, నష్టాలు వెనక పెట్టినా అదే 111.

ఇప్పుడు ప్రతి ఏడాది మొదట్లో 4 తీశాను. లాభాలు ముందొస్తే చివర్లో 94.7 మిగిలింది. నష్టాలు ముందొస్తే 83.4. రాబడులు అవే, ఖర్చు అదే, తేడా మాత్రం 11. అంటే దాదాపు మూడేళ్ల ఇంటి ఖర్చు. కారణం షీటులోనే కనిపించింది. ధర పడిపోయినప్పుడు అదే 4 రావాలంటే ఎక్కువ యూనిట్లు అమ్మాలి. తర్వాత మార్కెట్ ఎంత లేచినా, అమ్మేసిన యూనిట్లకు ఆ లాభం అందదు. సంపాదించే రోజుల్లో మార్కెట్ పడితే చవగ్గా కొనుక్కునేవాళ్లం. ఇప్పుడు అదే పతనం ఎదురు తిరుగుతుంది.

నేను 12, అంటే మూడేళ్ల ఖర్చు, డిపాజిట్లలో పెడదామన్నాను. మా ఆయన ఒప్పుకోలేదు. "అంత డబ్బు అలా ఊరికే పడుంటే వడ్డీ ఏం వస్తుంది?" అన్నారు. షీటులో చూపించాను. షేర్లలో 88, డిపాజిట్లో 12. వడ్డీ లెక్కలోకి తీసుకోలేదు. అదే చెడ్డ వరుసలో మొదటి మూడేళ్లు డిపాజిట్ నుంచే తింటే ఐదేళ్ల చివర 83.4 బదులు 87 మిగిలింది. దాంతో పాటు రెండో ఏడాది నుంచి మూడేళ్లు ఖర్చు 4 నుంచి 3.2కి తగ్గిస్తే 90.6. మనం మిగిల్చింది 2.4 మాత్రమే, చేతికొచ్చింది 3.6. ఆ రెండో అంకె చూశాకే ఆయన ఊ అన్నారు.

మూడో ఏడాదికి డిపాజిట్ ఖాళీ అవుతుంది, షేర్లు మాత్రం అప్పటికి 65 దగ్గరే ఉంటాయి. మూడేళ్ల డబ్బు పెద్ద పతనాన్ని పూర్తిగా దాటించదు, కాస్త ఊపిరి పీల్చుకోనిస్తుంది, అంతే. మార్కెట్ బాగుంటే ఆ 12 మీద రావలసిన లాభం పోతుంది. ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టినట్టు అనుకున్నాం.

ఉద్యోగం మానేసే ముందే ఒక కాగితం మీద నియమాలు రాసుకున్నాం. ఏడాది మొదట్లో ఫండ్ విలువ గత గరిష్ఠం కన్నా 10 శాతానికి మించి తక్కువుంటే, ఆ ఏడాది షేర్లు అమ్మకూడదు. ఇంటి ఖర్చుని రెండు కాలమ్‌లుగా రాశాం. ఆపలేనివి ఒకవైపు: తిండి, మందులు, పిల్లల ఫీజులు. ఆపగలిగేవి మరోవైపు: ప్రయాణాలు, కొత్త ఫోన్లు, ఇంటికి చేయించే మార్పులు. రెండోది మొత్తంలో అయిదో వంతు ఉంది. ఏ ఖర్చు తగ్గించాలో ముందే తేలింది కాబట్టి తర్వాత ఇంట్లో గొడవ లేదు.

రెండో ఏడాదిలోనే మార్కెట్ జారింది. టెన్షన్ లేదని చెప్పను, కానీ కాగితం తీసి చూశాం, డిపాజిట్ తెరిచాం, రెండో కాలమ్ మూసేశాం. ఆయన కొన్ని నెలలు పార్ట్‌టైమ్ పని పట్టారు. ఏడాది ఖర్చులో పావు వంతు వచ్చినా సరే, ఆ మేరకు యూనిట్లు అమ్మకుండా మిగిలినట్టే.

నేను అప్పుడు చూసుకున్న అంకె ఒక్కటే: ఈ ఏడాది తీసుకోబోయేది, మిగిలున్న మొత్తంలో ఎంత శాతం. నా షీటులోని చెడ్డ వరుసలో, అన్నీ షేర్లలోనే ఉంటే, రెండేళ్లకే అది 6.5 దాటింది. మాకు 5 దాటలేదు. 6 దాటితే ఆయన మళ్లీ ఫుల్‌టైమ్ ఉద్యోగం వెతుక్కోవాలని ముందే రాసుకున్నాం, ఆ అవసరం రాలేదు.

మార్కెట్ తేరుకున్నాక ఇంకో ప్రశ్న వచ్చింది: ఖాళీ అయిన డిపాజిట్‌ని మళ్లీ పూర్తిగా నింపాలా? రిటైర్మెంట్ ప్లానింగ్ మీద పరిశోధన చేసే వేడ్ ఫౌ, మైకేల్ కిట్సెస్ అనే ఇద్దరి అధ్యయనం ప్రకారం, రిటైర్మెంట్ మొదట్లో షేర్లు తక్కువ పెట్టుకుని, ఏళ్లు గడిచేకొద్దీ పెంచుకుంటూ పోవడం వల్ల ఈ రిస్క్ తగ్గుతుంది. అది వింతగా అనిపించవచ్చు గానీ, ప్రమాదం ఎక్కువగా ఉండేది మొదటి ఏళ్లలోనే కదా. అందుకే మేం రెండేళ్ల ఖర్చు వరకే నింపి ఆగాం. ఇప్పుడు తీసుకునేది మొత్తంలో 3.7 శాతం. రెండో కాలమ్ మళ్లీ తెరిచాం.