మూడు పేజీల ఉత్తరం, ఆరు వాక్యాల కబురు

మా ఆఫీసులో అకౌంట్లు చూసే అక్క వాళ్ళ నాయన పోయినారని పొద్దున ఏడింటికి తెలిసింది. బంగారుపాళెం పక్కన పల్లె వాళ్ళది. తిరుపతి నుంచి ఆఫీసువాళ్ళు కారు మాట్లాడుకుని బయల్దేరారు. నేను పోలేకపోయా. మా పాపకు అమ్మవారు పోసి మూడో రోజు. ఇంట్లో అమ్మవారు ఉండగా చావింటికి పోకూడదని మా అత్త పట్టు. అంటుకునే జబ్బు కాబట్టి నాకూ అదే సరి అనిపించింది. ఎనిమిదేళ్లుగా నాది ఆమె పక్క టేబులే. మనిషి పోలేనప్పుడు మాటన్నా పోవాలి కదా అని రాయడానికి కూర్చున్నా.

ఆఫీసు గ్రూపులో అప్పటికే దీపం బొమ్మలు వరసగా పడుతున్నాయి. నాకు అట్లా పంపబుద్ధి కాలేదు. పాప నోటుబుక్కు తీసుకుని మొదలుపెడితే మూడు పేజీలైంది. రాస్తూ రెండుసార్లు ఏడ్చాను కూడా. గొప్పగా వచ్చిందనుకున్నా.

మా ఆవిడ చదివి, "ఆ ఇంట్లో ఇప్పుడు ఎంతమంది ఉంటారు? ఇదంతా ఆమె ఎప్పుడు చదవాల?" అంది. కోపం వచ్చింది కానీ పెన్సిల్ తీసుకున్నా. 'నేను', 'నాకు', 'మా నాయన' అన్నచోటల్లా సున్నా చుట్టాను. ఇరవైఒక్క సున్నాలు. 'మీ నాయన' అన్నది నాలుగే చోట్ల. మొదటి పేజీ మొత్తం మా నాయన ఆస్పత్రిలో పోయిన రాత్రి గురించి. నా ఏడుపు ఎందుకో అప్పుడు అర్థమైంది. ఆ పేజీ చింపేశాను.

రెండో పేజీలో 'జాతస్య హి ధ్రువో మృత్యుః' శ్లోకం, దాని తాత్పర్యం. శవం ఇంకా ఇంట్లో ఉండగా ఆమెకు గీత చెప్పడానికి నేనెవరిని? కింద 'నిండు జీవితం, మంచి చావు' అని ఇంకో వాక్యం. ఆ మాట ఇంటివాళ్ళు అంటే మనం ఊ కొట్టొచ్చు, మనమే ముందు అనేది కాదు. రెండూ కొట్టేశా.

మూడో పేజీలో 'ధైర్యంగా ఉండాలి', 'అసలు ఏమైంది? ఎవరికి చూపించారు?', 'ఏ అవసరమొచ్చినా అడగండి'. మొదటిది ఆమె మీద ఇంకో బరువు. రెండోదానికి ఆమె జవాబు రాయాలి, వచ్చినవాళ్ళందరికీ చెప్పిందే మళ్ళీ నాకూ చెప్పాలి. మూడోది వినడానికి బాగుంటుంది కానీ అడిగే పని మళ్ళీ ఆమెదే. ఆమె చేతిలో ఆగిపోయే పని ఏముందా అని చూస్తే, 20వ తేదీలోపు వేయాల్సిన జీఎస్టీ రిటర్న్ గుర్తొచ్చింది. అది నాకూ వచ్చు.

ఇక ఆయన గురించి మిగిలింది ఒకే సంగతి. నిరుడు మామిడికాయల కాలంలో ఆయన బేనీషా కాయల గంప ఎత్తుకుని ఆఫీసుకు వచ్చినాడు. వరిగడ్డి పరిచి, తొడిమ కిందికి పెట్టి మాగెయ్యాలని నేల మీద కూర్చుని చూపించినాడు. 'నొక్కి చూడొద్దు, వాసన చూడండి' అన్నాడు. మూడు పేజీల్లో ఇది ఒకటిన్నర వాక్యంలో ఎక్కడో మూలన ఉంది.

'పెద్దదినానికి తప్పకుండా వస్తాను' అని కూడా రాసి, తీసేశా. పాపకు పొక్కులన్నీ ఎండేదాకా అది నా చేతిలో లేదు. చివరకు పంపింది ఇది:

"అక్కా, నాయన పోయినారని తెలిసింది. చాలా బాధగా ఉంది. నిరుడు గంప దించి, కాయలు ఎట్లా మాగెయ్యాలో మాకు నేల మీద కూర్చుని చూపించినారు, ఆ మనిషే కళ్ళముందు ఉన్నారు. పాపకు అమ్మవారు పోసింది, అందుకే రాలేకపోయాను. ఈ నెల రిటర్న్ నేను వేస్తాను, దాని గురించి ఆలోచించొద్దు. జవాబు రాయొద్దక్కా."

ఫోన్ తెర మీద వేలు జరపకుండా మొత్తం కనిపిస్తోందా అని చూసుకుని, ఒకసారి పైకి చదివి పంపాను. 'కళ్ళముందు ఉన్నారు' అన్నది కాస్త ఎక్కువైందేమోనని ఇప్పటికీ అనుమానమే.

జవాబు రాలేదు. పెద్దదినం అయ్యాక ఆమె ఆఫీసుకు వచ్చింది. పొద్దున ఏమీ మాట్లాడలేదు. టీ తాగేటప్పుడు అడిగింది: "ఆ రోజు నేను బ్యాంకుకు పోయుంటి. నాయన ఇంకా ఏం మాట్లాడినాడబ్బా?"

టీ చల్లారిపోయేదాకా చెప్పాను.